గూడూరు గాలి, మూడు స్లాబులు: పోర్టల్ పద్ధతిలో ఒక ఫ్రేమ్ లెక్క

2022 ఏప్రిల్‌లో గూడూరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. జిల్లా ఏదైనా, ఇల్లు డిజైన్ చేసే ఇంజినీరు మాత్రం ఈ ఊరిని నెల్లూరు పక్కనే ఉంచి లెక్క వేయాలి. గాలికి సంబంధించిన ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకి ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అదే పట్టికలో కర్నూలుకి 39 మాత్రమే. రెండు అంకెలకీ పెద్ద తేడా లేదనిపిస్తుంది కానీ, గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 39 దగ్గర చదరపు మీటరుకు సుమారు 913 న్యూటన్లు ఉండే ఒత్తిడి 50 దగ్గర 1,500 అవుతుంది. కర్నూలులో నిలిచే ప్లాను ఇక్కడ అరవై శాతం పైగా ఎక్కువ తోపు తట్టుకోవాలి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను ఈ ప్రాంతం మీదికే వచ్చింది. కోడ్‌లో ఆ 50 ఊరికే లేదు.

ఈ తోపు ఒక మామూలు ఇంటి కాలమ్‌లలోకి, బీములలోకి ఎలా పంచుకుపోతుందో కాగితం మీద పావుగంటలో తేల్చే దారి ఒకటి ఉంది. దాన్ని పోర్టల్ పద్ధతి అంటారు. అమెరికాలో ఎత్తయిన ఆఫీసు భవనాలు లేస్తున్న కాలంలో, 1915లో, ఆల్బర్ట్ స్మిత్ దీన్ని ప్రతిపాదించారు. ఇప్పుడు కంప్యూటరు క్షణంలో కచ్చితమైన జవాబు ఇస్తున్నా ఈ పద్ధతి నేర్చుకోవాలనే నేనంటాను. ఆ జవాబు నమ్మదగినదా కాదా అని చూడటానికి చేతిలో మరో జవాబు ఉండాలి కదా.

లెక్కకు ఒక ఇంటిని అనుకుందాం. గూడూరు పొలిమేరలో, చుట్టూ నిమ్మతోటలున్న స్థలం. కింద పార్కింగ్, పైన రెండు అంతస్తులు. మొత్తం మూడు స్లాబులు, ఒక్కో అంతస్తు ఎత్తు 3 మీటర్లు, పైన మీటరు పిట్టగోడ. గాలి వీచే దిశలో నాలుగు కాలమ్‌లు, వాటి మధ్య మూడు ఖానాలు, ఒక్కో ఖానా 4 మీటర్లు. ఇలాంటి ఫ్రేములు పక్కపక్కనే 4 మీటర్లకొకటి చొప్పున నిలబడి ఉన్నాయి. మధ్యలో ఉన్న ఒక ఫ్రేమును తీసుకుందాం.

ఇంటి ఎత్తు పిట్టగోడతో కలిపి 10 మీటర్లే కాబట్టి, ఇంత తెరిపి ఉన్న చోట ఎత్తుకు సంబంధించిన గుణకం 1. మామూలు నివాస గృహానికి మిగతా గుణకాలూ 1 గానే తీసుకోవచ్చు. అదే తుపాను తర్వాత పనిచేసి తీరాల్సిన ఆసుపత్రో, తుపాను షెల్టరో అయితే, తీరం నుంచి 60 కిలోమీటర్ల పట్టీలో ఉన్న గూడూరులో వేగాన్ని 1.3తో గుణించాలి. మన ఇంటికి ఒత్తిడి చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు వంద కిలోల బరువు. ఎదురు గోడ మీద నెట్టు, వెనక గోడ మీద లాగు కలిపి ఈ ఆకారానికి సుమారు 1.2తో గుణిస్తే 1.8. ఫ్రేములు 4 మీటర్ల దూరంలో ఉన్నాయి కాబట్టి మన ఫ్రేము ఒక్కో మీటరు ఎత్తుకు 7.2 కిలోన్యూటన్ల తోపు మోస్తుంది.

ఈ తోపు గోడల నుంచి స్లాబులకు చేరుతుంది. పార్కింగ్‌లో గోడలు లేకపోయినా, ఉన్నట్టే తీసుకుంటే మొదటి స్లాబుకు కింద మీటరున్నర, పైన మీటరున్నర గోడ. అంటే 3 మీటర్లకు 21.6 కిలోన్యూటన్లు. రెండో స్లాబుకూ అంతే. మూడో స్లాబుకు కింద మీటరున్నర, పైన మీటరు పిట్టగోడ. రెండున్నర మీటర్లకు 18. అన్నిటికన్నా కిందనున్న మీటరున్నర తోపు నేరుగా నేల మట్టానికే పోతుంది కాబట్టి దాన్ని వదిలేస్తాం.

ఇక్కడే చిక్కు. మూడు అంతస్తులు, మూడు ఖానాలు అంటే నాలుగు వైపులా మూసుకున్న గదుల్లాంటివి తొమ్మిది. ఒక్కో గదికి మూడు చొప్పున, బలాల సమతౌల్యం ఒక్కదానితో తేలని తెలియని రాశులు 27. వాటిని కచ్చితంగా సాధించాలంటే కాలమ్‌ల, బీముల సైజులు ముందే తెలియాలి. కానీ సైజులు తేల్చుకోవడానికే కదా లెక్క మొదలుపెట్టింది.

స్మిత్ చేసిన పని, ఫ్రేము పక్కకు వంగేటప్పుడు కనబడే ఆకారాన్ని నమ్మడం. గాలి తోసినప్పుడు ప్రతి కాలమూ సాగదీసిన ఎస్ ఆకారంలో వంగుతుంది. కింద ఒక వైపుకి, పైన ఇంకో వైపుకి. ఆ రెండు వంపులూ కలిసే చోట మొమెంట్ సున్నా. ఆ చోటు కాలమ్ సరిగ్గా సగం ఎత్తులో ఉందనుకున్నారు. బీములకూ అంతే, మధ్యలో మొమెంట్ సున్నా. 12 కాలమ్ ముక్కలు, 9 బీములు, కలిపి 21 సున్నాలు. మిగిలిన లోటును షియర్ పంపకం పూరిస్తుంది.

ఆ పంపకం ఇదీ. ప్రతి అంతస్తునూ విడివిడి ద్వారబంధాల వరసగా ఊహించుకోండి. మూడు ఖానాలకు మూడు ద్వారబంధాలు, ఒక్కోదానికి రెండేసి కాళ్లు. తోపు మూడింటికీ సమానంగా, ఒక్కో ద్వారబంధంలో రెండు కాళ్లకూ సమానంగా పోతుంది. ఇప్పుడు వాటిని ఒకదానికొకటి ఆనించండి. లోపలి కాలమ్ రెండు ద్వారబంధాల కాళ్లు కలిసిన కాలమ్ కాబట్టి దానికి రెండు వాటాలు. చివరి కాలమ్‌కు ఒకటే వాటా. నాలుగు కాలమ్‌ల ఫ్రేములో 1, 2, 2, 1. మొత్తం ఆరు వాటాలు.

లెక్క పైనుంచి మొదలుపెట్టాలి. ఏ అంతస్తులోని కాలమ్‌లైనా తమ పైనున్న స్లాబులన్నిటి తోపునూ మోస్తాయి. పై అంతస్తులో అది 18 మాత్రమే. మధ్య అంతస్తులో 18కి 21.6 కలిపి 39.6. పార్కింగ్ అంతస్తులో 61.2. ఆరుతో భాగిస్తే వాటా తేలుతుంది. కాలమ్‌లో సున్నా చోటు మధ్యలో ఉంది కాబట్టి ఆ షియర్‌ను మీటరున్నరతో గుణిస్తే కాలమ్ పైకొసలోనూ కింది కొసలోనూ ఉండే మొమెంట్ వస్తుంది.

| అంతస్తు | మొత్తం షియర్ | చివరి కాలమ్ షియర్ | లోపలి కాలమ్ షియర్ | చివరి కాలమ్ మొమెంట్ | లోపలి కాలమ్ మొమెంట్ |
|---|---|---|---|---|---|
| పై అంతస్తు | 18.0 | 3.0 | 6.0 | 4.5 | 9.0 |
| మధ్య అంతస్తు | 39.6 | 6.6 | 13.2 | 9.9 | 19.8 |
| పార్కింగ్ | 61.2 | 10.2 | 20.4 | 15.3 | 30.6 |

షియర్లు కిలోన్యూటన్లలో, మొమెంట్లు కిలోన్యూటన్ మీటర్లలో ఉన్నాయి.

బీముల మొమెంట్లకు కొత్త ఊహ ఏదీ అక్కర్లేదు. కాలమ్, బీమ్ కలిసే జాయింటు దగ్గర కాలమ్‌ల మొమెంట్ల మొత్తం, బీముల మొమెంట్ల మొత్తం సమానంగా ఉండాలి. మొదటి స్లాబు చివరి జాయింటు చూడండి. పైనుంచి వచ్చే కాలమ్ 9.9, కింది కాలమ్ 15.3, కలిపితే 25.2. అక్కడ బీమ్ ఒక్కటే ఉంది కాబట్టి ఆ 25.2 అంతా దానిదే. బీము మధ్యలో సున్నా కాబట్టి అవతలి కొసలోనూ 25.2. ఇప్పుడు లోపలి జాయింటు. కాలమ్‌లు 19.8, 30.6 కలిసి 50.4. మొదటి బీము నుంచి 25.2 వచ్చింది, మిగిలిన 25.2 రెండో బీముది. అలా పోతే మూడో బీము అవతలి కొసకు చేరేసరికి సరిగ్గా ఆ చివరి కాలమ్‌లకు కావలసిన 25.2 మిగులుతుంది. మిగలకపోతే కూడికలో ఎక్కడో తప్పింది.

రెండో స్లాబు బీములకు ఇదే తీరున 14.4, పై స్లాబు బీములకు 4.5 వస్తాయి. ఒకే సైజు బీము మూడు స్లాబులకూ వేసి, ఒకే రకం రాడ్లు కట్టే అలవాటు మనవైపు ఎక్కువ. ఈ మూడు అంకెలు చూస్తే ఆ అలవాటు ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుస్తుంది. గాలి మొమెంట్ పై బీముకన్నా కింది బీములో అయిదు రెట్లకు పైగా ఉంది.

ఇంకో తనిఖీ ఉంది, అది నాకు చాలా ఇష్టం. బీము కొసల మొమెంట్‌ను సగం పొడవుతో, అంటే 2 మీటర్లతో భాగిస్తే బీము షియర్. పై నుంచి 2.25, 7.2, 12.6. గాలి వచ్చే వైపు చివరి కాలమ్‌ను ఈ మూడూ కలిసి పైకి లాగుతాయి, అవతలి చివరి కాలమ్‌ను కిందికి నొక్కుతాయి. మొత్తం 22.05. లోపలి కాలమ్‌లకు రెండు పక్కల నుంచీ సమానంగా వచ్చి రద్దవుతుంది. ఇప్పుడు పార్కింగ్ కాలమ్‌ల మధ్య ఎత్తులో, నేల నుంచి మీటరున్నర పైన, ఇంటిని అడ్డంగా కోసినట్టు ఊహించండి. ఆ కోత చుట్టూ గాలి ఇంటిని పడదోసే మొమెంట్ ఎంత? పై స్లాబు 18ని 7.5తో, రెండోది 21.6ని 4.5తో, మొదటిది 21.6ని 1.5తో గుణించి కూడితే 264.6. నిలబెట్టేది? 22.05ని చివరి కాలమ్‌ల మధ్య దూరం 12తో గుణించండి. అదీ 264.6. దశాంశంతో సహా సరిపోవాలి, ఎందుకంటే ఇందులో ఊహ లేదు. ఊహలు మొమెంట్‌ను ఎలా పంచాయన్నది వేరే విషయం, కానీ మొత్తం మీద బలాలు సరితూగి తీరాలి.

ఇక 25.2 అనే అంకె ఇంటికి ఏం చేస్తుందో చూద్దాం. మొదటి స్లాబు బీము మీద దాని సొంత బరువు, స్లాబు, గోడ కలిపి మీటరుకు 18 కిలోన్యూటన్లు అనుకుందాం. కొసల దగ్గర ఈ బరువు వల్ల పుట్టే మొమెంట్ సుమారు 24, అది బీము పైభాగాన్ని సాగదీస్తుంది. అందుకే మేస్త్రీలు కాలమ్ దగ్గర పైరాడ్లు ఎక్కువ కడతారు. అది సరైనదే. కానీ గాలి వచ్చే వైపు కొసలో గాలి మొమెంట్ దీనికి ఎదురుగా, బీము అడుగును సాగదీస్తుంది. కోడ్ చెప్పే ఒక కలయికలో బరువును 0.9తో, గాలిని 1.5తో తీసుకోవాలి. బరువుది 21.6, గాలిది 37.8. మిగిలేది 16.2, అడుగుభాగం సాగేలా. గాలి అటు నుంచీ రావచ్చు, ఇటు నుంచీ రావచ్చు కాబట్టి రెండు కొసలకూ ఇదే పరిస్థితి.

అంటే ఈ బీము అడుగు రాడ్లు కాలమ్ అంచు దగ్గర ఆగిపోకూడదు. కాలమ్ లోపలికి పోయి, కోడ్ చెప్పినంత పొడవు పట్టు దొరకాలి. సెంట్రింగ్ మీద రాడ్లు పరిచేటప్పుడు నేను ముందు చూసేది ఇదే. పైరాడ్లు వంచి కాలమ్‌లోకి దించి ఉంటారు, అడుగు రాడ్లు మాత్రం కాలమ్ రింగుల దగ్గరకు వచ్చి నాలుగంగుళాలు లోపలికి దూరి ఆగి ఉంటాయి. బరువుల లెక్క ఒక్కటే చేసిన డ్రాయింగుకు అది చాలు. 16.2 ఉందని తెలిసినవాళ్లకు చాలదు.

ఇప్పటిదాకా వచ్చిన అంకెల్లో షియర్ల మొత్తాలు గట్టివి, వాటిలో ఊహ లేదు. 61.2 ఎలా చూసినా 61.2 గానే ఉంటుంది. ఊహంతా అది ఎవరికెంత, ఎక్కడెంత అన్నదాంట్లోనే. అన్నిటికన్నా బలహీనమైన ఊహ పార్కింగ్ అంతస్తులోనే ఉంది.

కాలమ్ మధ్యలో సున్నా అనుకోవాలంటే కాలమ్ అడుగు తిరగకుండా గట్టిగా పట్టుకుని ఉండాలి. చిన్న విడి ఫుటింగ్, మెత్తటి నేల అయితే ఫుటింగ్ కొద్దిగా తిరుగుతుంది. ఆ పట్టు పూర్తిగా పోయిందనుకుంటే సున్నా చోటు అడుగుకు జారిపోతుంది. అప్పుడు లోపలి కాలమ్ పైకొసలో 20.4ని 1.5తో కాదు, 3తో గుణించాలి. 30.6 కాస్తా 61.2 అవుతుంది. మొదటి స్లాబు బీము మొమెంట్ 25.2 నుంచి 40.5కి పెరుగుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పాఠ్యపుస్తకాలు కొన్ని సగం పట్టున్న అడుగుకు సున్నా చోటును కింది నుంచి మూడో వంతులో పెట్టమంటాయి. అలా చేస్తే కాలమ్ పైకొసలో 40.8 వస్తుంది.

దీనికి తోడు ప్లింత్ బీము. మనం 3 మీటర్ల కాలమ్ అనుకున్నది నేల మట్టంలో ప్లింత్ బీము పట్టుకుందని నమ్మి. కార్లు వచ్చిపోయే దారి కోసం ఆ బీమును మానేస్తే, ఫుటింగ్ మీటరున్నర లోతులో ఉంటే, కాలమ్ అసలు పొడవు 4.5 మీటర్లు. ఫుటింగ్ గట్టిగా ఉన్నా సరే, లోపలి కాలమ్ మొమెంట్ 30.6 కాదు, 20.4ని 2.25తో గుణించగా 45.9. ఒక్క బీము తీసేసినందుకు ఒకటిన్నర రెట్లు. అదీ గోడల సాయం ఏమీ లేని అంతస్తులో. పై అంతస్తుల్లో ఇటుక గోడలు ఫ్రేముకు ఊతంగా నిలిచి తోపులో చాలా భాగం తామే మోస్తాయి, అక్కడ మన అంకెలు నిజానికన్నా ఎక్కువే చెబుతాయి. పార్కింగ్‌లో 61.2 మొత్తం నాలుగు కాలమ్‌ల మీదే. అక్కడ ఫ్రేము ఎంత పక్కకు జరుగుతుందో పోర్టల్ పద్ధతి చెప్పదు, దానికి వేరే లెక్క కావాలి.

ఇంకో చిక్కు కాలమ్ తిరిగి ఉన్న తీరు. మన ఊళ్లలో కాలమ్ అంటే తొమ్మిది బై పదిహేను అంగుళాలు, గోడలో కలిసిపోయేలా ఎటు వీలైతే అటు తిప్పి పోస్తారు. గాలి దిశలో పదిహేను అంగుళాల ముఖం ఉన్న కాలమ్ తొమ్మిది ముఖం ఉన్నదానికన్నా 2.78 రెట్లు బిర్రుగా ఉంటుంది. ఒకవేళ చివరి కాలమ్‌లు పొడుగు ముఖంతో, లోపలివి పొట్టి ముఖంతో నిలిపితే 1, 2, 2, 1 పంపకం తలకిందులవుతుంది. బీములు అసలు వంగనంత బలంగా ఉన్నాయనుకుంటే చివరి కాలమ్‌కు 10.2 బదులు దాదాపు 22.5 వస్తుంది, లోపలిదానికి 8 చిల్లర. నిజమైన బీములు కాస్త వంగుతాయి కాబట్టి అంతదాకా పోదు, కానీ 10.2 మీద నమ్మకం పెట్టుకోవడం మాత్రం తప్పు. ప్లాను చేతిలోకి రాగానే ముందు కాలమ్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూడాలి, ఆ తర్వాతే వాటాలు.

ఖానాలు సమానంగా లేకపోతే? మెట్ల దగ్గర ఇరుకు ఖానా మామూలే. 5, 2.5, 4.5 మీటర్లు అనుకోండి. అవే వాటాలు వాడితే మొదటి స్లాబు బీములన్నిటి మొమెంటూ 25.2 గానే ఉంటుంది, కానీ ఇరుకు బీము షియర్ 25.2ని 1.25తో భాగిస్తే 20 దాటుతుంది. 5 మీటర్ల బీములో అది 10 మాత్రమే. పైగా పొట్టి బీము బిర్రుగా ఉండి, నిజంలో తన వాటాకన్నా ఎక్కువ మొమెంటును లాక్కుంటుంది. మెట్ల పక్క బీములో రింగులు దగ్గరగా కట్టమని చెప్పడానికి ఈ ఒక్క భాగహారం చాలు.

వెడల్పుతో పోలిస్తే బాగా ఎత్తయిన భవనాలకు ఇది సరిపోదు. అక్కడ చివరి కాలమ్‌లు సాగడం, నొక్కుకోవడం ముఖ్యమవుతుంది. 1908లో ఎ.సి. విల్సన్ చూపిన కాంటిలీవర్ పద్ధతి అలాంటివాటికి మేలు. గూడూరులో లేచే ఇళ్లకు ఆ అవసరం అరుదు.

తోసేది గాలే కానక్కర్లేదు. 2016 నాటి ఐఎస్ 1893లో నెల్లూరు భూకంప మూడో జోనులో ఉంది. మన ఫ్రేము మోసే బరువు స్లాబు చదరపు మీటరుకు 12 కిలోన్యూటన్లు అనుకుంటే మూడు స్లాబులకు 1,728. భూకంపానికి తగిన వివరాలతో రాడ్లు కట్టిన ఫ్రేముకు దానిలో 4 శాతం, అంటే 69 కిలోన్యూటన్లు అడుగున అడ్డంగా వస్తుంది. గాలి 61.2 కన్నా ఎక్కువే. అసలు తేడా పైన ఉంది. భూకంపపు తోపు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతూ పోతుంది కాబట్టి పై స్లాబుకే 44 దాటుతుంది, గాలికి అది 18. అవే ఆరు వాటాలు, అదే మీటరున్నర. పై స్లాబు బీము మొమెంట్ 4.5 నుంచి 11కి చేరుతుంది. గాలి లెక్క ఒక్కటే చూసి పై స్లాబు బీములో రాడ్లు తగ్గించకూడదు.

ఈ అంకెలన్నీ కాగితం మీద పెట్టుకుని స్టాడ్ ప్రో ఫలితాలు తెరవాలి. ముందు పార్కింగ్ అంతస్తు నాలుగు కాలమ్‌ల షియర్లు కూడాలి. గాలి కేసులో 61.2 రాకపోతే తోపు ఏదో స్లాబుకు ఇవ్వడం మర్చిపోయారు, లేదా ఫ్రేముల దూరం తప్పు వేశారు. మొత్తం సరిపోయి, లోపలి కాలమ్ షియర్ 20 చుట్టుపక్కల కాకుండా బాగా తక్కువ ఉంటే కాలమ్ దిశ చూడాలి. కాలమ్ అడుగు మొమెంట్ సున్నా అని ఉంటే మోడల్లో అడుగును పిన్‌గా ఇచ్చారు. నిజంగా పిన్ అనుకునే చేశారా, అలవాటుగా వదిలేశారా అని అడగాలి. బీము మొమెంట్ 25.2కి పదిహేను, ఇరవై శాతం అటూ ఇటూ ఉంటే నేను పట్టించుకోను. రెట్టింపు ఉంటే మాత్రం ఆ డ్రాయింగు మీద సంతకం పెట్టకుండా, కారణం దొరికేదాకా మోడల్ వెతుకుతాను.